పండుగ భోజనానికి వెండి కుందులు అప్పు చేసి కొనాలా?

*ప్రశ్న: మాది విజయవాడ. దీపావళి రాత్రి భోజనానికి గుంటూరులోని పెదనాన్నగారి అబ్బాయి, వదిన పిలిచారు. మా గృహప్రవేశానికి వాళ్లు వెండి గిన్నె ఇచ్చారు కాబట్టి 14,000 రూపాయల వెండి కుందులు క్రెడిట్ కార్డుపై కొందామనుకుంటున్నాను. అన్నయ్యకు షుగర్. నా జీతం 36,000, ఖర్చులు 30,000. కార్డుపై 22,000 బాకీ ఉంది, ప్రతి నెలా కనీస మొత్తం కడుతున్నాను. పొదుపు ఖాతాలో 9,000 ఉన్నాయి.*

ఆ కుందులు కొనకండి. పాత బాకీ మిగిలి ఉండగా కార్డు గీసేవారంతా చేసే పొరపాటే ఇది. నలభై అయిదు రోజుల వడ్డీలేని గడువు తమకూ ఉందని అనుకుంటారు. బిల్లు పూర్తిగా కట్టనివారికి ఆ గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

వడ్డీ నెలకు 3.5 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ వేసి చూద్దాం. మీ 22,000 మీద ఇప్పటికే నెలకు సుమారు 900 పోతోంది. ఇక కార్డు వాడకుండా నెలకు 4,000 కడితే ఏడు నెలల్లో తీరిపోతుంది. కుందులు కలిపితే బాకీ 36,000 అవుతుంది. అదే 4,000 కడుతూ పోతే దాదాపు ఏడాది పడుతుంది. అదనంగా మీరు కట్టేది 20,000 దాటుతుంది. పధ్నాలుగు వేల వస్తువుకు ఇంత కట్టడమా!

వెండి గిన్నె బాకీ కూడా మీ మనసులోనిదే. శుభకార్యంలో అందిన చదివింపును తిరిగి వాళ్లింటి శుభకార్యంలోనే తీరుస్తాం. భోజనానికి పిలిస్తే దాన్ని తీర్చేయడం వాళ్లకే ఇబ్బంది.

పన్నెండు వందలు దాటకుండా ఈ నెల జీతంలోంచే తీసుకోండి. దీపావళి ఇంట్లో మిఠాయి డబ్బాలు ఎలాగూ గుట్టగా పడి ఉంటాయి, పైగా అన్నయ్యకు షుగర్. బందరు లడ్డూ, పూతరేకులు వదిలేసి అరకిలో ఉప్పులేని బాదంపప్పు తీసుకెళ్లండి. నాలుగు రోజుల్లో పాడైపోదు, ఆయనా తినవచ్చు. వదినగారికి నిజాం అంచు ఉన్న మంగళగిరి నూలు జాకెట్టు ముక్క. పిల్లలుంటే చిన్న కొండపల్లి బొమ్మ, అంతే.

నాకు అసలు బెంగ ఆ 9,000 గురించి. మీ ఇంటి ఖర్చుకు అది తొమ్మిది రోజులకే సరిపోతుంది. ఒక్క నెల జీతం ఆలస్యమైతే, ఇంట్లో ఎవరికైనా జ్వరం ముదిరితే, మళ్లీ ఆ కార్డే గీస్తారు. మీ 22,000 బాకీ కూడా అలా మొదలైందేమో గుర్తు తెచ్చుకోండి. అత్యవసర నిధి అంటే మీకు కనీసం మూడు నెలల ఖర్చు, 90,000. నెలకు మిగిలే 6,000లో 4,000 కార్డుకు, 2,000 నిధికి పంపండి. బాకీ తీరిన ఎనిమిదో నెల నుంచి ఆ 4,000 కూడా నిధికే వెళ్లాలి. జీతం పడిన మర్నాడే బదిలీ అయ్యేలా బ్యాంకుకు సూచన ఇచ్చి, షాపింగుకు వెళ్లేటప్పుడు కార్డు ఇంట్లోనే వదిలి వెళ్లండి.