పట్టుకున్న సముద్రపు దొంగల్ని ఎందుకు వదిలేస్తారు?

ప్రశ్న: సముద్రపు దొంగల్ని ఏ దేశమైనా పట్టుకుని శిక్షించొచ్చట కదా? మరి నేవీలు పట్టుకున్నాక కూడా ఆయుధాలు లాక్కుని వదిలేశాయని చదివాను. ఎందుకలా?

జవాబు: పట్టుకునే అధికారానికి లోటు లేదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 105వ అధికరణ ప్రకారం, ఏ దేశానికీ చెందని జలాల్లో దొంగల పడవ దొరికితే ఏ దేశపు యుద్ధనౌకైనా దాన్ని స్వాధీనం చేసుకుని అందులో ఉన్నవాళ్లను అరెస్టు చేయొచ్చు. పట్టుకున్న దేశపు కోర్టులు శిక్ష వేయొచ్చు. వేసి తీరాలని మాత్రం అందులో లేదు. పైగా, శిక్ష వేయడానికి ఆ దేశపు సొంత చట్టంలో సెక్షన్ ఉండాలి, కోర్టుకు విచారణ పరిధి ఉండాలి. ఒప్పందం మీద సంతకం పెట్టినంత మాత్రాన అవి వచ్చేయవు.

కెన్యాలోని మొంబాసాలో జరిగింది చూడండి. 2006 జనవరిలో సఫీనా అల్ బిసారత్ అనే మన దేశపు ధో (సరుకు పడవ)ను సోమాలీ దొంగలు హైజాక్ చేశారు. అమెరికా యుద్ధనౌక దాన్ని ఆపి పది మందిని పట్టుకుని కెన్యాకు అప్పగించింది. నిందితులు కెన్యావాళ్లు కారు, పడవ కెన్యాది కాదు, బాధితులూ కారు, కాబట్టి ఇక్కడి కోర్టుకేం పని అని డిఫెన్సు లాయర్లు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. ఏడేళ్ల చొప్పున జైలుశిక్ష వేసింది. అంతా సవ్యంగా నడుస్తోందనుకునే సమయానికి, 2010లో మరో కేసులో అదే మొంబాసాలోని హైకోర్టు జడ్జి కెన్యా శిక్షాస్మృతిలోని మరో సెక్షన్ బయటికి తీశారు. ఆ సెక్షన్ ప్రకారం కోర్టుల పరిధి దేశ సరిహద్దు జలాల దాకే ఉంది కాబట్టి నడిసముద్రపు నేరాన్ని విచారించలేమని తీర్పిచ్చారు. 2012లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. మధ్యలో ఆ రెండేళ్లు, దొంగల్ని కెన్యాకు అప్పగిద్దామనుకునే నేవీకి ఏం భరోసా?

మన దగ్గరా అంతే. 1999లో మన కోస్ట్ గార్డ్, నేవీ కలిసి ఆలోండ్రా రెయిన్‌బో అనే హైజాక్ అయిన షిప్పును వెంటాడి పట్టుకున్నాయి. సముద్రపు దోపిడీకంటూ మన చట్టంలో అప్పటికి ప్రత్యేక సెక్షన్ లేదు. 2003లో ముంబయి సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే, 2005లో బాంబే హైకోర్టు నిందితుల్ని విడుదల చేసింది.

రెండో చిక్కు సాక్ష్యం. దీన్ని నేను కళ్లారా చూశాను. డెక్ ఆఫీసరుగా గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో వెళ్తున్నప్పుడు స్కిఫ్ అనే చిన్న మోటారు పడవ ఒకటి మా వెనక పడింది. బైనాక్యులర్స్‌లో చూస్తే అందులో కొక్కేలున్న పొడవాటి నిచ్చెన కనిపించింది. చేపలు పట్టేవాడికి నిచ్చెనతో పనేముంటుంది? మేం వేగం పెంచి అటూ ఇటూ తిప్పుతూ పోతే కాసేపటికి వెనక్కి తగ్గారు. దగ్గర్లోని యుద్ధనౌక హెలికాప్టర్ అక్కడికి చేరేసరికి నిచ్చెన లేదు. తుపాకులుంటే అవీ నీళ్లలోకే పోయుంటాయి. మిగిలినవి పెట్రోలు డ్రమ్ములు, కొందరు కుర్రాళ్లు, "మేం జాలర్లం" అన్న మాట. ఆ తీరాల్లో మామూలు జాలర్లు కూడా రక్షణకు తుపాకీ పెట్టుకుంటారు, కాబట్టి తుపాకీ దొరికినా అదొక్కటే చాలదు. ఒప్పందం ప్రకారమైతే దోపిడీకి వాడాలని సిద్ధం చేసిన పడవ కూడా దొంగల పడవే. ఆ ఉద్దేశాన్ని కోర్టులో రుజువు చేసేదెవరు? నేను స్టేట్‌మెంట్ రాసిచ్చాను గానీ, నౌకలు ఆగవు. నెలలు గడిచాక కోర్టు పిలిచేనాటికి నేనొక ఖండంలో ఉంటాను, కెప్టెన్ మరో ఖండంలో. సెలవిచ్చి, టికెట్ కొని మమ్మల్ని పంపడానికి ఏ కంపెనీ ఉత్సాహం చూపుతుంది? వాళ్లను వదిలేశారని తర్వాత తెలిసింది. కడుపు మండింది, కానీ ఆ నేవీ ఆఫీసర్ల మీద మాత్రం కోపం రాలేదు.

2022 నాటి మన సముద్ర దోపిడీ నిరోధక చట్టం ఈ రెండు చిక్కుల్నీ ముట్టుకుంది. నేరానికి యావజ్జీవం దాకా, ఆ దోపిడీలో ప్రాణం పోతే మరణశిక్ష దాకా పెట్టింది. ఆయుధాలూ, సామగ్రీ నిందితుల దగ్గర దొరికిన సందర్భాల్లో, తాము దొంగలం కాదని నిరూపించుకునే భారం వాళ్ల మీదే వేసింది. 2024 మార్చిలో మన నేవీ ఎంవీ రుయెన్ షిప్పును విడిపించి, 17 మంది సిబ్బందిని కాపాడి, లొంగిపోయిన 35 మందిని ముంబయి పోలీసులకు అప్పగించింది ఈ చట్టం అండతోనే. అక్కడ దొంగలు షిప్పులోనే దొరికారు, రుజువు తేలిక. మాకెదురైనట్టు నిచ్చెన నీళ్లలోకి పోయిన కేసుకు మాత్రం ఇంకా సరైన జవాబు లేదు.

షిప్పుల్లో పనిచేసేవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట: దాడి ప్రయత్నం ముగియగానే, ప్రయాణ వివరాలు నమోదు చేసే వీడీఆర్ రికార్డింగ్ సేవ్ చేయించండి. పాత పరికరాల్లో 12 గంటలు దాటితే అది చెరిగిపోతుంది. స్కిఫ్ రంగు, ఇంజన్లెన్ని, మనుషులెందరు, నిచ్చెన ఎక్కడ పెట్టారు, ఇవన్నీ టైము వేసి అప్పటికప్పుడే లాగ్‌బుక్కులో రాయండి. మనం కోర్టుకు వెళ్లలేకపోయినా, మన తరఫున ప్రాసిక్యూటర్ చేతిలో ఉండేవి ఆ కాగితాలే.