ఫ్లూలో వికారం: గ్లాసు కాదు, స్పూను

ప్రశ్న: మావారికి 38 ఏళ్లు. ఫ్లూ అని చెప్పి ఒసెల్టమివిర్ క్యాప్సూల్స్ రాశారు. రెండు రోజులుగా వికారం, అన్నం చూస్తేనే వద్దంటున్నారు. నీరసంగా ఉన్నారని గ్లాసుడు ఓఆర్‌ఎస్ తాగిస్తే వెంటనే కక్కేశారు. ఏం పెట్టమంటారు?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ఓఆర్‌ఎస్ పడలేదని అనుకోకండమ్మా. వికారంగా ఉన్న కడుపులో ఒక్కసారిగా గ్లాసుడు పోస్తే ఏదైనా తిరిగొస్తుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగండి. తర్వాత రెండు నిమిషాలకోసారి ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. ఇవ్వండి. చూడ్డానికి తక్కువే గానీ గంటకు 150 మి.లీ. లోపలికి వెళ్తుంది. గంటసేపు నిలిస్తే రెండు మూడు గుక్కలకు పెంచండి. మళ్లీ వాంతి అయితే పది నిమిషాలు ఆగి స్పూనుతోనే మొదలుపెట్టండి.

కలపడంలోనే ఎక్కువ మంది పొరపాటు చేస్తారు. పెద్ద ప్యాకెట్‌కు కాచి చల్లార్చిన నీళ్లు సరిగ్గా లీటరు పోయాలి. 200 మి.లీ.కి వేరే చిన్న ప్యాకెట్లు ఉంటాయి, పైన రాసింది చూడండి. పెద్ద ప్యాకెట్‌లోంచి కాస్త తీసి గ్లాసులో కలిపితే కొలత తప్పుతుంది. ఉప్పు, గ్లూకోజు తగిన పాళ్లలో ఉంటేనే పేగు నీటిని బాగా లాక్కుంటుంది. రుచి కోసం చక్కెర కలిపితే పేగులోకే నీరు చేరి విరేచనాలు మొదలవ్వచ్చు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. గ్లూకోజ్ పొడి, జ్యూస్ డబ్బాలు దీనికి బదులు కావు. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. రెండూ తలకొట్టిన కొలతే, ఉప్పు మాత్రం ఎక్కువ కాకూడదు.

తిండి సంగతికి టెన్షన్ వద్దు. లంఖణం పరమౌషధం అన్న మాట ఇక్కడ సగం నిజం: ఒకటి రెండు రోజులు తిండి తగ్గినా ఫర్వాలేదు, నీళ్లు తగ్గకూడదు. వాంతులు ఆగాక ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ, తర్వాత ఒక ఇడ్లీ, మెత్తటి అన్నంలో చారు పెట్టండి. పోపు ఘాటు, నూనె వాసన వికారాన్ని పెంచుతాయి కాబట్టి వంటింటికి దూరంగా కూర్చోబెట్టి, వేడి తగ్గాక నాలుగు ముద్దలే ఇవ్వండి.

ఇంకొకటి, ఒసెల్టమివిర్‌కే వికారం తెప్పించే గుణం ఉంది. పరగడుపున కాకుండా గంజో ఇడ్లీయో తిన్నాక వేయండి. మీరే మానేయకండి, మింగింది కక్కేస్తుంటే రాసిన డాక్టర్‌కు చెప్పండి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబూప్రొఫెన్ లాంటివి కిడ్నీలకు మంచివి కావు. షుగరు మాత్రలు వాడుతుంటే మాత్రం, తిండి లేని రోజుల్లో వేయాలో లేదో ఈరోజే అడగండి.

మూత్రం గమనిస్తూ ఉండండి. ఎనిమిది గంటలుగా రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, స్పూనుతో ఇచ్చింది కూడా నిలవకపోయినా సెలైన్ అవసరం పడొచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయాసం, ఛాతీలో నొప్పి, మాట తడబాటు కనిపిస్తే అర్ధరాత్రయినా సరే ఆగకండి, 108కి ఫోన్ చేయండి.