ఐదో నెల వచ్చింది కదా, బట్టలు కొనే ముందు ఒకసారి బీరువా చూడు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు "పెద్దమ్మా ఆఫీస్‌కి వేసుకోడానికి ఒక్కటీ పట్టట్లేదు, ఆన్‌లైన్‌లో పది డ్రెస్సులు కార్ట్‌లో పెట్టాను" అన్నావు, అప్పుడే చెప్దామనుకున్నా కానీ మీ పెదనాన్న భోజనానికి వచ్చేశారు, అందుకే ఇలా తీరిగ్గా టైప్ చేస్తున్నా. ఆ పదీ ఇప్పుడే కొనకు. ఇప్పుడు కొలత చూసి కొంటే ఎనిమిదో నెలకి అవీ బిగుతే, ఎనిమిదో నెలకి సరిపోయేవి కొంటే ఇప్పుడు సంచిలా వేలాడతాయి. నీ బీరువాలో ఉన్నవాటితోనే చాలా వరకు గడిచిపోతుంది.

ముందు టేపు తీసుకుని పొట్ట చుట్టూ కొలుచుకో, కానీ నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని కొలుచుకో. ఇది చాలామంది వదిలేస్తారు, నిలబడితే 35 వచ్చిన పొట్ట కూర్చుంటే 37 వస్తుంది, నువ్వేమో రోజంతా సిస్టమ్ ముందు కూర్చునే మనిషివి. అద్దం ముందు నిలబడితే బాగానే ఉన్న డ్రెస్ మధ్యాహ్నానికి ఊపిరాడనివ్వకపోవడానికి కారణం అదే. కూర్చున్న కొలతకి రెండు అంగుళాలు కలుపు, డ్రెస్ లోపల చుట్టుకొలత అంతకన్నా తక్కువుంటే అది ఇప్పుడు వేసుకోవద్దు.

ఇప్పుడు కుర్తాలన్నీ లోపలికి తిప్పి పక్క కుట్లు చూడు. మన టైలర్ దగ్గర కుట్టించినవాటికి లోపల అంగుళం దాకా గుడ్డ వదిలి ఉంటుంది, రెండు మూడు వరసల కుట్లు కనిపిస్తాయి. నీ ఆకుపచ్చ కాటన్ కుర్తానే తీసుకో, పోయిన ఏడాది నేనే దగ్గరుండి కుట్టించా కాబట్టి గుర్తుంది, పొట్ట దగ్గర చుట్టూ 38, లోపల అంగుళం గుడ్డ ఉంది. ముందు ముక్కకి అంగుళం, వెనక ముక్కకి అంగుళం, అలా రెండు పక్కలా. కుట్టుకి పావు అంగుళం ఉంచి మిగతాది వదిలిస్తే మొత్తం మూడు అంగుళాలు వస్తుంది, అంటే 38 కాస్తా 41 అవుతుంది. 37కి రెండు కలిపితే 39, కాబట్టి దగ్గర దగ్గర ఏడో నెల దాకా హాయిగా నడుస్తుంది. టైలర్‌కి గట్టిగా చెప్పు, పాత కుట్టు విప్పి కొత్తది వేయమను కానీ లోపల గుడ్డ ఒక్క పోగు కూడా కత్తిరించొద్దని, డెలివరీ అయ్యాక మళ్లీ బిగించుకోవాలి కదా. నాకు మీ అన్నయ్య కడుపులో ఉన్నప్పుడు మా వీధి టైలర్ నీట్‌గా ఉంటుందని మిగిలిన గుడ్డ కత్తిరించేశాడు, ఆ రెండు జాకెట్లూ ఆ తర్వాత ఇక ఎందుకూ పనికిరాలేదు, ఇప్పటికీ బాధే.

ఒక విషయం చూసుకో, బాగా ఉతికి వెలిసిన గుడ్డయితే లోపల దాగిన భాగం ముదురు రంగులో ఉంటుంది, విప్పితే పక్కన గీతలా కనిపిస్తుంది. దుపట్టా వేసుకుంటే తెలీదు, కానీ ముందే చూసుకుంటే మంచిది. పట్టుకైతే పాత సూది రంధ్రాలు అలాగే ఉండిపోతాయి, కాబట్టి సీమంతానికి కట్టుకునే చీర జాకెట్టు విప్పించకు, ఏడో నెల కొలతలతో కొత్తది ఒకటి కుట్టించుకో, అది ఖర్చు పెట్టదగ్గదే.

రెడీమేడ్ కుర్తాలకి లోపల గుడ్డ ఉండదు, ఓవర్‌లాక్ చేసి వదిలేస్తారు. వాటికి పక్కన ముక్క వేయించాలి. చంక కింద సన్నగా మొదలై పొట్ట దగ్గర మూడు అంగుళాలు వెడల్పయ్యేలా త్రికోణంలాంటి ముక్క, రెండు పక్కలా. పాత దుపట్టా గుడ్డ, లేదా మ్యాచింగ్ సెంటర్‌లో అరమీటర్ కాటన్ సరిపోతుంది. చూసేవాళ్లకి అది డిజైన్ అనే అనిపిస్తుంది. ఇలా రెండు మూడు కుర్తాలకి చేయించుకుంటే తొమ్మిదో నెల వరకు నీ ఆఫీస్ వారం గడుస్తుంది.

అనార్కలీలు, ఫ్రాక్ మోడల్స్ ఎక్కడ జాయింట్ ఉందో చూసి విడదీయి. రొమ్ము కిందే జాయింట్ ఉన్నవి ఏమీ మార్చకుండా చివరిదాకా వేసుకోవచ్చు, అక్కడి నుంచి కిందకి గుడ్డ వదులుగా పడుతుంది కదా. నడుం దగ్గర జాయింట్ ఉన్నవి మడిచి పైఅరలో పెట్టేయి. ఇంకోటి, పొట్ట పెరిగేకొద్దీ కుర్తా ముందు అంచు పైకి లేస్తుంది, వెనక కిందకి ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే పొట్టి కుర్తాలు జోలికి పోకు, మోకాలు దాటినవి వాడు.

ఇక కింద బట్టలు. నాకు అసలు భయం వీటితోనే. సన్నటి బొందు నడుముకి బిగించి కట్టుకుంటే సాయంత్రానికి ఎర్రటి గీత, దురద, నాకైతే చెమటకి అక్కడ పుండే పడింది. చుడీదార్ పాంట్లకీ, లంగాలకీ బొందు తీయించి అంగుళంన్నర వెడల్పు ఎలాస్టిక్ వేయించు, పొట్ట కింద కూర్చోవాలి, పొట్ట మధ్యలో కాదు. తీసేశాక ఒంటి మీద గుర్తు అరగంటైనా పోకపోతే అది బిగుతుగా ఉన్నట్టే, ఇంకా వదులు చేయించాలి. చీర కట్టేప్పుడు కూడా కుచ్చిళ్లు పొట్ట కింద దోపు, రెండు కుచ్చిళ్లు తగ్గుతాయి, ఫర్వాలేదు, ముందు వైపు కాస్త పొడవు వదులు. జీన్స్‌కి బటన్ రంధ్రంలో హెయిర్ రబ్బర్‌బ్యాండ్ దూర్చి బటన్‌కి తగిలిస్తారే, అది ఈ నెల దాకానే, జిప్ సగానికి జారుతోందంటే ఇక ఆపేయి.

కొనాల్సినవి చెప్తాను, ఎక్కువేం లేవు. పొట్ట పైదాకా వచ్చే కాటన్ లెగ్గింగ్స్ రెండు. జిప్ ఉన్న నైటీలు రెండు, ఇవి పాలిచ్చేప్పుడు కూడా వాడుకుంటావు. బ్రాల విషయంలో మొహమాటపడకు తల్లీ, ఇప్పుడు హుక్ ఎక్స్‌టెండర్ తగిలించుకుంటే చుట్టుకొలత సరిపోతుంది, కానీ కప్పు చాలక పైన ఉబ్బితే అది పనికిరాదు, సైజు మార్చాల్సిందే. ఇప్పుడు కొనేదాన్ని బిగుతు హుక్‌లో సరిపోయేలా తీసుకో, ముందుముందు వదులు చేసుకోవచ్చు. ఫీడింగ్ బ్రాలు ఎనిమిదో నెలాఖరుకి కొను, అవి వదులు హుక్‌లో సరిపోవాలి, ఎందుకంటే డెలివరీ తర్వాత పక్కటెముకల చుట్టూ తగ్గుతుంది. వెనక స్ట్రాప్ ఉన్న, మడమ ఎత్తు లేని చెప్పులు ఒక జత, సాయంత్రం కాళ్లు వాచాక వెళ్లి కొను.

ఉంగరాలు ఇప్పుడే తీసి పెట్టు, తర్వాత రావు. కాళ్లు సాయంత్రానికి కొంచెం వాచడం మామూలే, కానీ ముఖం, చేతులు హఠాత్తుగా వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా బట్టల సంగతి వదిలేసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

శనివారం ఆ ఆకుపచ్చ కుర్తా లోపలికి తిప్పి కుట్ల ఫోటో ఒకటి వాట్సాప్ చేయి, ఏ వరస విప్పాలో పెన్‌తో గీసి పంపిస్తా, అది తీసుకెళ్లి టైలర్‌కి చూపించు.

మీ పెద్దమ్మ