గుడి ఉత్సవంలో దాతలకీ, పనిచేసినవాళ్ళకీ కార్యదర్శి ఎలా కృతజ్ఞతలు చెప్పాలి?

ప్రశ్న: "మా ఊరి రామాలయం కమిటీకి ఈమధ్యే నన్ను కార్యదర్శిని చేశారు. శ్రీరామనవమి కల్యాణం రోజు మైకులో స్వాగతం చెప్పి, దాతలకీ, పనిచేసే కుర్రాళ్ళకీ థాంక్స్ చెప్పాలట. దాతలు 150 మంది దాకా ఉన్నారు. అందరి పేర్లూ చదవాలా? ఎవరిదైనా వదిలేస్తే గొడవవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది."

అన్నీ ఒకే ప్రసంగంలో చెప్పాలనుకోకండి. కల్యాణం మొదలయ్యే ముందు స్వాగతం, తలంబ్రాలు అయ్యాక దాతల పేర్లు, భోజనాల్లో ఆఖరి బంతి లేచాక పనిచేసినవాళ్ళకి కృతజ్ఞతలు, ఇలా మూడుగా విడదీయండి. మా గుడి కమిటీలో నేను చాలా ఏళ్ళుగా కార్యదర్శిగా ఉన్నాను, ఈ పద్ధతిలోకి వచ్చాక పేర్ల గురించి మాట పడాల్సిన అవసరం దాదాపు రావట్లేదు.

ముందు టైము సంగతి. నవమి కల్యాణం అభిజిత్ లగ్నంలో చేస్తారు కదా, అది మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందూ కాస్త వెనకా కలిపి 48 నిమిషాల ముహూర్తం. జీలకర్ర బెల్లం ఆ లోపలే పెట్టాలి. దానికి ముందు విష్వక్సేన ఆరాధన, పుణ్యాహవచనం, సంకల్పం, రక్షాబంధనం, ప్రవర, కన్యాదానం అన్నీ నడవాలి. కమిటీవాళ్ళు మైకులో అరగంట తినేస్తే, ముహూర్తాన్ని వెనక్కి జరపలేం కాబట్టి, అర్చకులు ప్రవరనో, దంపతుల గోత్రనామాలనో గబగబా చదివేయాల్సి వస్తుంది. పీటల మీద కూర్చున్నవాళ్ళు ఎదురుచూసేది ఆ గోత్రనామాల కోసమే. అందుకని ముందురోజు రాత్రే అర్చకుల్ని "స్వామీ, ఎన్నింటికి కూర్చుంటారు?" అని అడిగి, ఆ టైముకి పది నిమిషాల ముందే మీ మాట ముగించేలా చూసుకోండి.

స్వాగతంలో పొగడ్తలు అక్కర్లేదు. వచ్చినవాళ్ళకి ఆ పూట అవసరమైన సంగతులు చెప్తే చాలు. నేను దాదాపు ఇలాగే చెప్తాను:

"అందరికీ నమస్కారం. సీతారాముల కల్యాణానికి వచ్చిన మీకందరికీ ఆలయ కమిటీ తరఫున స్వాగతం. మరికాసేపట్లో అర్చకస్వాములు విష్వక్సేన ఆరాధన మొదలుపెడతారు. పీటల మీద కూర్చునే దంపతులు ఇప్పుడే మండపం దగ్గరికి రావాలి. గోత్రనామాలు రాయించనివాళ్ళుంటే మండపం పక్కన బల్ల దగ్గర రాయించండి. మంచినీళ్ళు పందిరికి ఎడమ పక్కన పెట్టాం. ముందు వరుస కుర్చీలు పెద్దవాళ్ళ కోసం. కల్యాణం అయ్యాక పానకం, వడపప్పు, తర్వాత అన్నప్రసాదం. అందరూ ఉండి భోంచేసి వెళ్ళాలి."

రెండు నిమిషాలు కూడా పట్టదు. ఈ భాగంలో ఎవరి పేరూ చెప్పకండి. ఒక పెద్దమనిషి పేరు చెప్తే మిగతా పెద్దమనుషుల పేర్లూ చెప్పాల్సి వస్తుంది. కల్యాణం మధ్యలో నాయకులెవరైనా వస్తే కుర్చీ చూపించి కూర్చోబెట్టండి, శేషవస్త్రం తలంబ్రాలయ్యాకే కప్పండి. మంత్రాలు నడుస్తున్నంతసేపూ మైకు అర్చకులదే. ఈ మాట కమిటీ మీటింగులో ముందే అనుకుని, మైకుసెట్టు అబ్బాయికి కూడా చెప్పి ఉంచండి, లేకపోతే కమిటీలోవాళ్ళే ఒకరు వచ్చి మైకు అడుగుతారు.

ఇక దాతలు. అందరి పేర్లూ చదవండి. పేరు, ఇంటిపేరు, ఊరు కలిపి ఒక్కొక్కరికి ఐదు సెకన్లనుకున్నా 150 మందికి పన్నెండు పదమూడు నిమిషాలు. జనాన్ని కూర్చోబెట్టి చదివితే అది చాలా ఎక్కువ, కానీ తలంబ్రాలయ్యాక తీర్థం, అక్షతలకి లైను కదులుతుంది చూడండి, దానికి ఎలాగూ అంతకంటే ఎక్కువసేపే పడుతుంది. ఆ లైను నడుస్తుండగా చదివితే ఎవరినీ ఆపినట్టు ఉండదు, లైనులో నిలబడ్డవాళ్ళు శ్రద్ధగా వింటారు కూడా. పేర్లన్నీ అయ్యేదాకా మాత్రం భోజనాల మాట ఎత్తకండి. "అన్నప్రసాదం సిద్ధంగా ఉంది" అని ఒక్కమాట వినపడిందా, పందిరి ఖాళీ.

ఎవరు ఎంత ఇచ్చారన్నది మైకులో చదవొద్దు. లెక్క బోర్డు మీద పెట్టండి, కావాల్సినవాళ్ళు చూసుకుంటారు. కూలి డబ్బుల్లోంచి వంద తెచ్చిచ్చిన ఆవిడ పేరు, పాతికవేలు ఇచ్చినాయన పేరు పక్కపక్కనే వస్తాయి, అక్కడ అంకె వినిపిస్తే ఆవిడ వచ్చే ఏడు రసీదు రాయించుకోవడానికి సంకోచిస్తుంది. వరుస కూడా రసీదు నంబరు ప్రకారమే పెట్టండి. "రసీదు నంబరు వరుసలో చదువుతున్నాను" అని మొదట్లోనే చెప్పేస్తే, నా పేరు వెనక ఎందుకొచ్చిందని అడిగేవాళ్ళుండరు.

పేర్లు తప్పిపోయేది ఎక్కువగా చదివేటప్పుడు కాదు, లిస్టు రాసేటప్పుడే. నేను చూసినంతలో వదిలేసినవాళ్ళలో ఎక్కువమంది వస్తువు రూపంలో ఇచ్చినవాళ్ళే. రసీదు పుస్తకంలో నగదు ఒక్కటే రాస్తాం. బియ్యం బస్తా నేరుగా వంటశాలకి వెళ్ళిపోతుంది, పూలు పూజారిగారి చేతికి, కూరగాయలు వంటవాళ్ళ దగ్గరికి, నీళ్ళ ట్యాంకరు తోలినాయన సాయంత్రం తోలి పొద్దున్నే తీసుకెళ్ళిపోతాడు. ఇవేవీ పుస్తకంలో ఉండవు, కార్యదర్శికి గుర్తుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కాబట్టి వస్తువుకి కూడా రసీదు రాయండి. "బియ్యం 2 బస్తాలు" అని రాస్తే చాలు, ధర కట్టనక్కర్లేదు. వంటశాల దగ్గర కాసే మనిషికి ఒక రసీదు పుస్తకం విడిగా ఇచ్చేయండి.

రెండోది ఫోన్లో పంపిన డబ్బులు. స్క్రీన్ మీద కొడుకు పేరు కనిపిస్తుంది, ఆయన ఇచ్చింది వాళ్ళమ్మ పేరు మీద. కాబట్టి ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి "ఎవరి పేరు మీద చదవమంటారండీ?" అని అడగాలి. పోయినవాళ్ళ జ్ఞాపకార్థం ఇచ్చిన చోట ఇది మరీ ముఖ్యం. ఒక గుడిలో నేను జనంలో కూర్చుని ఉండగా విన్నాను, తండ్రి జ్ఞాపకార్థం ఇచ్చిన కొడుకు పేరు ముందు "కీర్తిశేషులు" అని చదివేశారు. ఆయన ముందు వరుసలోనే ఉన్నారు, పక్కన భార్య, పిల్లలు. కల్యాణం రోజు, అందరి ముందు ఆ మాట. ఆ ఇల్లాలి ముఖం చూడలేకపోయాం. జరిగిందేమిటంటే లిస్టులో "కీ.శే." తండ్రి పేరుకీ కొడుకు పేరుకీ మధ్యలో పడింది, చదివినాయన ఎటు కలపాలో తెలియక కొడుకుకి కలిపేశారు. అప్పట్నుంచి నేను అలాంటివి పొడి అక్షరాల్లో రాయను, వాక్యం మొత్తం రాసుకుంటాను: "స్వర్గీయులైన తమ తండ్రిగారు ఫలానావారి జ్ఞాపకార్థం, కుమారుడు ఫలానావారు". చదివేవాళ్ళు ఆలోచించాల్సిన పని ఉండదు.

ఇస్తానని చెప్పి ఇంకా ఇవ్వనివాళ్ళ పేర్లు చదవకండి. చదివితే మొహమాటానికైనా ఇస్తారని కొందరు సలహా చెప్తారు, నాకది అస్సలు నచ్చదు, దేవుడి పేరు చెప్పి మెడ మీద చెయ్యి వెయ్యడం అవుతుంది. పేరు చెప్పొద్దన్న గుప్తదాతల గురించి కూడా "మన ఊరినుంచి వెళ్ళి పైకొచ్చిన ఒక డాక్టరుగారు" లాంటి ఆనవాళ్ళు ఇవ్వకండి, ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. "పేరు చెప్పవద్దన్న దాతలకి కూడా కమిటీ నమస్కారాలు" అంటే సరిపోతుంది.

లిస్టు ముందురోజు రాత్రికి మూసేయండి. ఆ రోజు ఇచ్చినవాళ్ళ పేర్లు సాయంత్రం పూజప్పుడు చదువుతామని అక్కడే చెప్పండి. మీరు చదువుతుంటే పక్కన ఒకరు రసీదు పుస్తకాల నకళ్ళు పెట్టుకుని పేరుపేరుకీ టిక్కు కొట్టాలి. అయినా ఎవరిదైనా తప్పితే, వాళ్ళు వచ్చి చెప్పిన వెంటనే మైకు తీసుకుని ఆ ఒక్క పేరూ నిదానంగా, ఇంటిపేరుతో సహా చదవండి. సంజాయిషీలు అక్కర్లేదు, అక్కడికక్కడే వినపడితే చాలామంది మనసులో పెట్టుకోరు.

పనిచేసినవాళ్ళ సంగతి మాత్రం వేరు. మీరు మండపంలో మైకు పట్టుకునే టైముకి వాళ్ళెవరూ అక్కడ ఉండరు. ఒకరు గుండిగ దగ్గర అన్నం వారుస్తుంటారు, ఇద్దరు చెప్పుల దగ్గర, నలుగురు బండ్లు పెట్టే చోట ఎండలో, మిగతావాళ్ళు విస్తళ్ళు సర్దుతుంటారు. "సేవ చేసిన కార్యకర్తలందరికీ ధన్యవాదాలు" అని మండపంలో అంటే అది వాళ్ళు తప్ప అందరూ వింటారు. అందుకే ఆఖరి బంతి అయ్యాక వంటశాల దగ్గరికి వెళ్ళి, అందరినీ కూర్చోబెట్టి, మైకు లేకుండా, చేసిన పని చెప్పి మాట్లాడండి. "ఎండలో పొద్దున్నుంచి బండ్లు సర్దారు, ఒక్క గొడవ కూడా మా దాకా రాలేదు." "చారు అయిపోతుందని నువ్వు ముందే వచ్చి చెప్పబట్టి ఇంకో గిన్నె పెట్టించగలిగాం." ఇలా చెప్తే తను చేసింది ఎవరో చూశారని మనిషికి తెలుస్తుంది. డబ్బులు తీసుకుని పనిచేసిన వంటవాళ్ళనీ, డోలు సన్నాయి వాళ్ళనీ, మైకుసెట్టు అబ్బాయినీ, ఊడ్చేవాళ్ళనీ కూడా అందులో కలపండి, డబ్బులిచ్చాం కదా అని వదిలేయకండి.

ముందురోజుల్లో బియ్యం ఏరి, తలంబ్రాలు కలిపి, దండలు కట్టిన ఆడవాళ్ళు ఆ టైముకి ఇళ్ళకి వెళ్ళిపోయి ఉంటారు. వాళ్ళ పేర్లు ఆ పని జరుగుతున్నప్పుడే రాసుకుని, దాతల లిస్టు చివర మండపంలోనే చదవండి. శేషవస్త్రాలు కార్యకర్తల్లో ఎవరో ఇద్దరు ముగ్గురికి కప్పడం మాత్రం వద్దు, అందరికీ ఒకేలా ప్రసాదం ఇవ్వండి. వడ్డించినవాళ్ళకి కూరలు, పులిహోర మిగలకపోవడం చాలాచోట్ల జరుగుతుంది, కాబట్టి మొదటి బంతికి ముందే వాళ్ళ వాటా తీసి మూతపెట్టించండి, కమిటీవాళ్ళు వాళ్ళకి వడ్డించి, తర్వాత తినండి.

రాలేకపోయిన దాతలకి తలంబ్రాలు చిన్న పొట్లాలు కట్టి, రసీదుతో కలిపి పంపండి. అవి కూడా జనానికి పంచకముందే ఒక పళ్ళెంలో విడిగా తీయించాలి, పంచడం మొదలయ్యాక గింజ కూడా మిగలదు.