రెండు ఉష్ణోగ్రతల నుంచి చర్యా ఎంథాల్పీ: వాంట్ హాఫ్ లెక్కకు ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: నేను బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాసెస్ కెమిస్ట్ ఉద్యోగాల రాతపరీక్షల్లో వాంట్ హాఫ్ సమీకరణం మీద లెక్కలు ఇస్తున్నారు. సూత్రం కంఠతా వచ్చు గానీ ప్లస్, మైనస్ దగ్గర తడబడుతున్నాను. ఇంటర్వ్యూకు దీన్ని ఎంతవరకు చదవాలి సార్?

జవాబు: ముందుగా ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చేత్తో రాసి చూడండి. ఉష్ణోగ్రతతో సమతాస్థితి స్థిరాంకం ఎలా మారుతుందో చెప్పే d(ln K)/dT = ΔH°/RT² అనే అవకలన రూపంలో, ΔH° మారదని అనుకుని T1 నుంచి T2 వరకు సమాకలనం చేస్తే ఈ రూపం వస్తుంది:

ln(K2/K1) = (ΔH°/R) × (1/T1 − 1/T2)

బ్రాకెట్ ముందు మైనస్ పెట్టి, లోపల 1/T2 ను ముందు రాసే రూపం కూడా పుస్తకాల్లో ఉంటుంది. రెండూ ఒకటే అయినా, రెంటినీ కలిపి గుర్తుపెట్టుకోవడం వల్లే తడబాటు వస్తుంది కాబట్టి పైన రాసిన ఒక్క రూపానికే కట్టుబడి ఉండండి. ఇందులో T2 ఎక్కువ ఉష్ణోగ్రత అయితే బ్రాకెట్ విలువ ఎప్పుడూ ధనాత్మకమే. అందువల్ల వేడి చేసినప్పుడు K పెరిగితే ΔH° ధనాత్మకం, అంటే అది ఉష్ణగ్రాహక చర్య, K తగ్గితే ఉష్ణమోచక చర్య. లెక్క మొదలుపెట్టకముందే జవాబు గుర్తు ఏమిటో మీకు తెలిసిపోతుంది.

నీటి అయనీకరణాన్నే ఉదాహరణగా తీసుకుందాం. నీటి అయానిక లబ్ధం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.0 × 10⁻¹⁴, 50 డిగ్రీల వద్ద సుమారు 5.5 × 10⁻¹⁴. (వేడి నీటిలో తటస్థ బిందువు pH 7 కాక దాదాపు 6.63 కావడానికి కారణం ఈ పెరుగుదలే. ఇంటర్వ్యూలో అడగదగిన ప్రశ్న.) నిష్పత్తి 5.5, దాని సహజ సంవర్గమానం 1.705. ఉష్ణోగ్రతలను కెల్విన్‌లోకి మారిస్తే 298, 323 అవుతాయి. 1/298 − 1/323 విలువ 2.597 × 10⁻⁴.

ΔH° = 8.314 × 1.705 / (2.597 × 10⁻⁴) ≈ 54,600

ఇది జౌళ్లలో వచ్చిన విలువ, అంటే మోల్‌కు 54.6 కిలోజౌళ్లు. బలమైన ఆమ్లాన్ని బలమైన క్షారంతో తటస్థీకరించినప్పుడు 25 డిగ్రీల వద్ద వెలువడే ఉష్ణం, చాలా విలీన ద్రావణాల్లో, మోల్‌కు సుమారు 55.8 కిలోజౌళ్లు. అయనీకరణం ఆ చర్యకు సరిగ్గా వ్యతిరేక దిశ కాబట్టి, కెలోరీమీటర్ ముట్టుకోకుండా మనం రాబట్టిన విలువ దానికి దగ్గరగా రావడం సహజమే.

ఇదే లెక్కలో మీకు 23.7 వస్తే, 10 ఆధారంగా ఉన్న సంవర్గమానం వాడి 2.303 తో గుణించడం మరచిపోయారన్నమాట. మోల్‌కు 700 జౌళ్ల ప్రాంతంలో వస్తే సెల్సియస్ విలువలనే ప్రతిక్షేపించారు. జవాబు చూసి తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోగలిగితే పరీక్షలో చాలా సమయం మిగులుతుంది.

ఇంటర్వ్యూకు మాత్రం ఇంకొక మెట్టు ఎక్కాలి. ఈ 54.6 తోనే 100 డిగ్రీల వద్ద, అంటే 373 కెల్విన్ వద్ద అయానిక లబ్ధాన్ని అంచనా వేయండి. సూత్రం ప్రకారం అది 25 డిగ్రీల నాటి విలువకు దాదాపు 84 రెట్లు, అంటే 8.4 × 10⁻¹³ కావాలి. ప్రయోగంలో కనిపించేది సుమారు 5.5 × 10⁻¹³ మాత్రమే. గణితంలో పొరపాటేమీ లేదు. సమాకలనం చేసేటప్పుడు ΔH° స్థిరమని మనం అనుకున్నది 75 డిగ్రీల వ్యవధిలో నిలబడలేదు. 50 నుంచి 100 డిగ్రీల వరకు విడిగా లెక్కిస్తే నిష్పత్తి 10, ΔH° సుమారు 46 కిలోజౌళ్లు వస్తుంది. అయాన్ల ఉష్ణధారణ శక్తికీ నీటి ఉష్ణధారణ శక్తికీ మధ్య తేడా ఈ చర్యలో బాగా ఎక్కువ కావడం వల్ల, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ΔH° తగ్గుతూ వస్తుంది. కాబట్టి రెండు బిందువుల సూత్రం ఇచ్చేది ఆ వ్యవధికి ఒక సగటు విలువ మాత్రమే.

ప్రాసెస్ కెమిస్ట్‌కు ఈ పరిమితి తెలియడం సూత్రం తెలియడమంత అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రయోగశాలలో తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కొలిచిన K తో, అంతకంటే చాలా వేడిగా నడిచే రియాక్టర్‌లో ఎంత ఉత్పన్నం వస్తుందో చెప్పవలసి వచ్చేది ఆ ఉద్యోగంలోనే. అలా చెప్పే ముందు కనీసం మూడు ఉష్ణోగ్రతల వద్ద K కొలిచి, ln K ను 1/T కి ఎదురుగా గ్రాఫ్ గీయాలి. బిందువులు సరళరేఖ మీద ఉంటే వాలును −R తో గుణించి ΔH° తీసుకోవచ్చు. రేఖ వంగితే, కొలిచిన వ్యవధి దాటి ఆ విలువను వాడకూడదు.