యూకేజీ పిల్లలకి షేకర్లు ఇస్తే లయ ఎందుకు పోతోంది?

*చిత్తూరులో ఒక చిన్న స్కూల్లో యూకేజీకి చెప్తాను. ఖాళీ సీసాల్లో గింజలు పోసి నేనే షేకర్లు చేశాను. చప్పట్లు కొట్టమంటే పిల్లలు బాగానే కొడతారు. షేకర్ చేతికి రాగానే లయ పోయి క్లాసంతా గోల. ఎక్కడ తేడా వస్తోంది?*

నేను తిరుపతిలో చిన్నపిల్లల తరగతులకి చెప్తాను. మా పిల్లలతో గమనించినంతవరకు తేడా సీసా దగ్గరే వస్తుంది. చప్పట్లో రెండు చేతులు కలిసిన క్షణానికి ఒక్కటే శబ్దం. షేకర్‌ని పైకి ఊపితే గింజలు ఒక వైపు తగులుతాయి, కిందికి దించితే ఇంకో వైపు తగులుతాయి. పిల్లవాడి లెక్కలో ఒకసారి ఊపినట్టే, చెవికి మాత్రం రెండు శబ్దాలు. పైగా చెయ్యి ఆగినా గింజలు కాసేపు దొర్లుతూనే ఉంటాయి. దెబ్బ సరిగ్గా ఎక్కడ పడిందో వాళ్లకే తెలియదు. తెలియనప్పుడు ఇంకా గట్టిగా ఊపుతారు.

అందుకే నేను మొదట్లో అసలు ఊపనివ్వను, తట్టిస్తాను. కుడిచేతిలో సీసా నిలువుగా పట్టుకుని, అడుగు భాగంతో ఎడమ అరచేతి మీద ఒక్క దెబ్బ. గింజలన్నీ ఒకేసారి అడుగుకి తగిలి ‘గల్’ అని ఒక్క శబ్దం వస్తుంది. అరచేతికి ఆ దెబ్బ తగలడం కూడా పిల్లలకి గుర్తుగా ఉంటుంది. మన పిల్లలు ఉత్సవాల్లో కోలాటం చూసే ఉంటారు కదా. కర్రా కర్రా తగిలినప్పుడు ఎంత స్పష్టంగా ఒక్క దెబ్బ వినిపిస్తుందో, మనకి షేకర్‌లోనూ అదే కావాలి.

మీరు సీసాల్లో ఏం పోశారో రాయలేదు కానీ, గింజని బట్టి కూడా చాలా మారుతుంది. చింతగింజలు, వేరుశనక్కాయలు పెద్ద చప్పుడు చేస్తాయి. సిమెంటు గదిలో పాతికమంది అవి ఊపితే మీ గొంతు మీకే వినపడదు. నేను ఎక్కువ సీసాల్లో రాగులు పోస్తాను. మెత్తని శబ్దం, పక్కవాళ్ల దెబ్బ కూడా వినిపిస్తుంది. చింతగింజల సీసాలు రెండో మూడో చాలు, వాటిని వంతులవారీగా ఇస్తాను. 200 మి.లీ. జ్యూస్ సీసా ఆ వయసు చేతికి సరిగ్గా పడుతుంది. అందులో రెండు పెద్ద చెంచాల రాగులు చాలు. సగం దాకా నింపితే గింజలకి కదలడానికి చోటు తగ్గుతుంది, ‘గల్’ పోయి మొద్దు శబ్దం వస్తుంది. పోసేముందు రాగుల్ని బాగా ఎండబెట్టండి, లేకపోతే కొన్నాళ్లకి పురుగు పడుతుంది.

ఇక పాఠం. షేకర్లు కనిపించకుండా బుట్టలో పెట్టి, ముందు చప్పట్లతో మొదలుపెడతాను. నేను వాడేది నాలుగు దెబ్బల వరస: ‘టప్, టప్, గల్, ఉష్’. రెండు చప్పట్లు, ఒకసారి తొడ మీద తట్టడం, నాలుగోది ఖాళీ. ఆ ఖాళీలో రెండు చేతులూ గుండెకి ఆనించుకోవాలి. అందరూ నోటితో గట్టిగా అంటూ చెయ్యాలి. నోరు పలుకుతుంటే చెయ్యి దాన్ని పట్టుకుని నడుస్తుంది. నోరు ఆపేసిన పిల్లల చెయ్యి కాసేపటికే దారి తప్పుతుంది, మీరే చూడండి.

కష్టమంతా ‘ఉష్’ దగ్గరే. శబ్దం చెయ్యడం పిల్లలకి సులువు, ఒక దెబ్బంత సేపు ఊరుకోవడం కష్టం. ఆ ఖాళీని మింగేసి మళ్లీ ‘టప్’కి వెళ్లిపోతారు. ఆ నాలుగోదానికి చేతులకి కూడా ఒక పని పెట్టింది అందుకే. గుండెకి ఆనించుకోవడానికి పట్టే సమయం ఖాళీకి సరిపోతుంది. ఇది చప్పట్లలో కుదిరేదాకా నేను బుట్ట తెరవను. మా పిల్లల్లో కొందరికి ఒక్కరోజులో వచ్చింది, మొత్తం క్లాసుకి రావడానికి వారం పైనే పట్టింది. తొందరపడకండి.

తర్వాత సగం మందికే షేకర్లు. కిటికీ వైపు వాళ్లు ‘టప్, టప్’ అని చప్పట్లు కొడతారు, గోడ వైపు వాళ్లు ‘గల్’ దగ్గర అరచేతి మీద తడతారు, ‘ఉష్’కి అందరూ కలిసి ఆగుతారు. షేకర్ ఉన్నవాళ్లు సీసాని గుండెకి హత్తుకోవాలి. సీసా ఒంటికి ఆనితే గింజలు దొర్లవు, నిశ్శబ్దం నిజంగా వస్తుంది. కొన్ని వరసలయ్యాక సీసాలు చేతులు మారాలి. నా వంతు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లు వరసని శ్రద్ధగా వింటారు, అది నాకు బాగా పనికొచ్చింది.

వేగం గురించి ఒక మాట. పిల్లలకి సులువని మనం నెమ్మదిగా కొడతాం. నాలుగైదేళ్ల పిల్లలకి సహజంగా వచ్చే వేగం పెద్దవాళ్లకంటే ఎక్కువ, నెమ్మదిగా కొట్టడమే వాళ్లకి కష్టం. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ సాగితే ముందుకి ఉరుకుతారు. నేను సెకనుకి సుమారు రెండు దెబ్బలు పడేలా చూస్తాను. అప్పటికీ ఉరుకుతుంటే, కాసేపు వాళ్ల వేగానికే నేను వెళ్లి, అందరం కలిశాక కొద్దికొద్దిగా తగ్గిస్తాను.

మా క్లాసులో ఒక బాబు సీసా దొరికితే ఆపకుండా ఊపేవాడు. చప్పట్లలో మాత్రం తప్పేవాడు కాదు. వాడికి వరస తెలుసు, గింజల హోరులో దెబ్బ వినపడడం లేదంతే. వాడికి ఖాళీ సీసా ఇచ్చాను. అరచేతి మీద తడితే ‘టప్’ అని వచ్చింది, వరస కుదిరింది. తర్వాత అందులో చెంచాడు రాగులు, ఇంకొన్నాళ్లకి రెండో చెంచా. మీ క్లాసులో ఎవరైనా తప్పుతుంటే ముందు చప్పట్లతో చూడండి. అక్కడ కూడా తప్పితే వరస రాలేదని, అక్కడ సరిగ్గా ఉంటే సీసాయే అడ్డమని తెలిసిపోతుంది. పక్కవాళ్లని చూసి కొట్టేవాళ్లని పట్టుకోవాలంటే అందరినీ కళ్లు మూసుకోమనండి, వాళ్ల దెబ్బ వెనకబడుతుంది.

తకధిమి నాలుగు కుదిరాక తకిట మూడుకి వెళ్లొచ్చు, ‘టప్, గల్, ఉష్’ అని. కానీ మూడుని కూర్చోబెట్టే చెప్పండి. నడుస్తూ చేస్తే మొదటి దెబ్బ ఒకసారి కుడికాలికి, మరుసటిసారి ఎడమకాలికి పడుతుంది, పిల్లలు తికమకపడతారు. నాలుగైతే ఎప్పుడూ ఒకే కాలికి పడుతుంది కాబట్టి వరండాలో నడిపిస్తూ చేయించొచ్చు.

మూతల సంగతి మాత్రం మరిచిపోకండి. మూత లోపల గట్టి జిగురు రాసి బిగించి, ఆరాక పైన టేపు చుట్టండి. ఊడితే గింజ ముక్కులోకో గొంతులోకో పోతుంది. ఎర్రగా అందంగా ఉంటాయని గురివింద గింజలు పోయకండి, అవి విషం. ప్రతి పాఠానికి ముందు ఒక్కో మూతా మీరే తిప్పి చూసి, కదిలిన సీసాని, పగులు కనిపించిన సీసాని పక్కన పెట్టేయండి.