యాంత్రిక, సావయవ సంఘీభావాల గురించి రాసేటప్పుడు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ వ్యాసం చదివాను. 'పల్లెలో మనుషులు కలిసిమెలిసి ఉంటారు, నగరంలో ఎవరి గోల వారిది' అని మొదటి పేరాలోనే తేల్చేశావు. ఫ్రెంచ్ సమాజ శాస్త్రవేత్త డర్క్‌హైమ్ అక్కడే నీ చేయి జారిపోయాడు. 1893లో తన శ్రమ విభజన గ్రంథంలో ఆయన అడిగింది దాదాపు దీనికి ఎదురు ప్రశ్న: మనిషి స్వతంత్రుడవుతున్న కొద్దీ సమాజం మీద మరింతగా ఎందుకు ఆధారపడుతున్నాడు?

సంఘీభావం, అంటే సమాజాన్ని కలిపి ఉంచే బంధం, కంటికి కనపడదు. అందుకే ఆయన కనిపించే చట్టాన్ని పట్టుకున్నాడు. నువ్వూ అక్కడి నుంచే మొదలుపెట్టు. బైబిల్ సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో ఒకడు విశ్రాంతి దినాన కట్టెలు ఏరుకుంటూ దొరికిపోతాడు. దానివల్ల ఎవరికీ పైసా నష్టం లేదు. అయినా సమాజమంతా అతన్ని విడిది బయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టి చంపుతుంది. అందరూ ఒకేలా నమ్మేదాన్ని అతను తప్పాడు కాబట్టి కోపమూ అందరిదీ అయింది. పోలికల వల్ల పుట్టే ఈ బంధమే యాంత్రిక సంఘీభావం. దీనికీ యంత్రాలకూ సంబంధం లేదు, ఫ్యాక్టరీల ప్రస్తావన తీసెయ్.

ఇప్పుడు డర్క్‌హైమ్ నాటి పారిస్‌కు రా. టోపీలు చేసేవాడికి బట్ట ఇస్తానన్న వర్తకుడు గడువుకి ఇవ్వలేదనుకో. వాణిజ్య న్యాయస్థానం నష్టం కట్టమంటుంది, అంతే. వీధిలో ఎవరి ఒళ్లూ మండదు. చట్టం పని ఇక్కడ శిక్షించడం కాదు, తెగిన సంబంధాన్ని సరిచేయడం. వేర్వేరు పనుల వాళ్లు శరీరంలో అవయవాల్లా ఒకరి మీద ఒకరు ఆధారపడే ఇలాంటి బంధం సావయవ సంఘీభావం. ఒప్పందం ఒక్కటే దీన్ని నిలబెడుతుందని మాత్రం రాయకు. ఆ ఒప్పందం చెల్లడానికి, ఇద్దరూ సంతకం పెట్టకముందే సమాజం ఏర్పరచిన నియమాలు ఉండాలి. ఒప్పందాలే చాలన్న ఇంగ్లిష్ తత్వవేత్త స్పెన్సర్‌తో డర్క్‌హైమ్ తగువు అక్కడే.

కారణం చెప్పేటప్పుడు 'పరిశ్రమలు వచ్చాయి' అని సరిపెట్టకు. జనం ఒకచోట చేరి, రాకపోకలు పెరిగి, ఒకే పని చేసేవాళ్లు ఎక్కువైతే పోటీ ముదురుతుంది. పని వేరు చేసుకుంటే పక్కపక్కనే బతకొచ్చు. కంటి వైద్యుడు పిచ్చికి వైద్యం చేసేవాడితో పోటీ పడడు. డార్విన్ ఛాయ ఉన్న ఈ వాదనకు నీ వ్యాసంలో ఒక పేజీ అయినా ఇవ్వు.

ఇక ఈ సిద్ధాంతం బలహీనత. ట్రోబ్రియాండ్ దీవుల్లో ఇచ్చిపుచ్చుకునే బాధ్యతలు చట్టంలా పనిచేస్తాయని మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1926లో చూపించాడు. అంటే పాత సమాజాల్లో ఉండేది దండన ఒక్కటే కాదు. అటు నగరాల్లోనూ శిక్షాస్మృతి మాయమవలేదు. అందుకని రెండు సంఘీభావాలనూ రెండు డబ్బాల్లా విడదీయకుండా, ఎక్కడ ఏది పైచేయి అని రాయి.

సమ్మెలను, దివాలాలను ముగింపులో నగర జీవితపు సహజ లక్షణాలుగా చూపించావు. డర్క్‌హైమ్ లెక్కలో అవి నియమాలు కొత్త పనుల వేగాన్ని అందుకోలేకపోయిన అసాధారణ స్థితికి గుర్తులు. ఆ పేరా తిరగరాసి పంపు.

ఇట్లు,
మీ మాస్టారు